కొత్త వస్తువుకు పాత లెక్కలు ఉండవు, మరి ఖర్చు తేలేదెలా? అపోహలు – వాస్తవాలు

ఆటోనగర్‌లో షీట్ మెటల్ పని చేసే ఒక చిన్న షాపుకు కొత్త ఆర్డర్ వచ్చిందనుకుందాం. ఎలక్ట్రిక్ ఆటోలో బ్యాటరీ కూర్చోబెట్టడానికి పైన తెరిచి ఉండే ఇనుప పెట్టె కావాలి. పొడవు 350, వెడల్పు 250, ఎత్తు 150 మిల్లీమీటర్లు. రేకు మందం 1.6 మి.మీ. మొత్తం 500 పెట్టెలు కావాలి, నెలకు 50 చొప్పున ఇవ్వాలి. కొటేషన్ ఇవ్వడానికి రెండు రోజులే గడువు. ఇలాంటి పెట్టె ఈ షాపు ఎన్నడూ చేయలేదు కాబట్టి తిరగేయడానికి పాత రిజిస్టర్లు లేవు.

ఇలాంటప్పుడు కాస్ట్ అకౌంటెంట్లు ఇంజనీరింగ్ పద్ధతిని వాడతారు. ముందు రూపాయల జోలికి పోకుండా కిలోలు, మీటర్లు, నిమిషాలు లెక్కపెడతారు. ఆ తర్వాత ఒక్కోదానికి నేటి ధర కడతారు. ఈ పద్ధతి చుట్టూ ఉన్న అపోహలను ఈ పెట్టె మీదే పరీక్షిద్దాం. ఇక్కడి కొలతలు, రేట్లు ఉదాహరణ కోసం తీసుకున్నవి. మీ ఊళ్లో రేటు వేరైనా లెక్క నడిచే తీరు మారదు.

అపోహ 1: పాత రికార్డు లేకపోతే అంచనా అంటే నోటికొచ్చిన అంకె చెప్పడమే.

వాస్తవం: కొత్తది పెట్టె మాత్రమే, దాన్ని తయారు చేసే పనులు కొత్తవి కావు. రేకు కోయడం, వంచడం, మూలలు వెల్డింగ్ చేయడం, గ్రైండింగ్ పట్టడం, పౌడర్ కోటింగ్ వేయించడం ఆ షాపు రోజూ చేయించే పనులే. డ్రాయింగ్ చేతిలో ఉంటే ఏ పని ఎంత ఉందో కొలవొచ్చు. ఈ పెట్టెకు నాలుగు వంపులున్నాయి. నాలుగు మూలల్లో 150 మి.మీ. చొప్పున మొత్తం 600 మి.మీ. వెల్డింగ్ ఉంది. అంచు చుట్టూ కోత 2.4 మీటర్లు వస్తుంది. వీటిలో ఏదీ ఊహ కాదు, డ్రాయింగ్ నుంచి తీసిన కొలతలే.

నిజానికి పాత రికార్డులున్నా వాటికీ ఓ లోపం ఉంది. గతంలో జరిగిన వృథా కూడా ఆ అంకెల్లోనే కలిసిపోయి ఉంటుంది. రేకును అడ్డదిడ్డంగా కోసిన షాపు తన పాత లెక్క చూసుకుని అదే సరైన ఖర్చని నమ్ముతుంది. ఇంజనీరింగ్ పద్ధతి ఎంత ఖర్చయిందని అడగదు, ఎంత కావాలని అడుగుతుంది.

అపోహ 2: డ్రాయింగ్‌లో తేలిన బరువును కిలో ధరతో గుణిస్తే మెటీరియల్ ఖర్చు వచ్చేస్తుంది.

వాస్తవం: కొటేషన్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పెట్టెను విప్పి పరిస్తే 650 × 550 మి.మీ. ముక్క అవుతుంది. అందులో నాలుగు మూలల్లోనూ 150 మి.మీ. చదరాలు కోసేయాలి. వంపుల దగ్గర వచ్చే చిన్న తేడాను పక్కన పెడితే, మిగిలిన రేకు బరువు 3.36 కిలోలు. కిలో 70 రూపాయలనుకుంటే 235 రూపాయలు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు.

కానీ బజారులో రేకు 3.36 కిలోల ముక్కలుగా దొరకదు. 2500 × 1250 మి.మీ. షీటుగా కొనాలి. 1.6 మి.మీ. మందం షీటు బరువు 39.25 కిలోలు. అందులో ఎన్ని ముక్కలు పడతాయన్నది అసలు ప్రశ్న. అన్నింటినీ ఒకే వైపు తిప్పి పరిస్తే ఆరే పడతాయి. ఒక వరుసలో నాలుగు ముక్కలు నిలువుగా, రెండో వరుసలో మూడు అడ్డంగా పెడితే ఏడు పడతాయి. రెండు వరుసల ఎత్తు 650, 550 కలిపి 1200 అవుతుంది కాబట్టి 1250లో సరిపోతాయి.

ఏడు పడితే ఒక్కో పెట్టెకు కొనాల్సిన రేకు సుమారు 5.6 కిలోలు, అంటే 392 రూపాయల 50 పైసలు. మిగిలిన 2.25 కిలోల తుక్కును కిలో 30 చొప్పున అమ్మితే 67 రూపాయల 50 పైసలు తిరిగొస్తాయి. నికర ఖర్చు 325 రూపాయలు. ఆరే పడితే అది 362 దాటుతుంది. డ్రాయింగ్ బరువుతో వేసిన 235 ఈ రెండింటికీ చాలా దూరం. కొటేషన్ ఇచ్చేముందు షీటు మీద ముక్కల అమరికను కాగితం మీద గీసి చూడాలనేది అందుకే.

అపోహ 3: స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక పెట్టె చేయించి చూస్తే కూలి ఖర్చు తేలిపోతుంది.

వాస్తవం: మొదటి పెట్టె చేసేటప్పుడు వెల్డర్ పని చేస్తూనే నేర్చుకుంటాడు. ఆ సమయం ఐదువందల పెట్టెలకూ వర్తించదు. దీనికి ఎదురుగా ఇంకో పొరపాటు ఉంది. 600 మి.మీ. వెల్డింగ్‌ను నిమిషానికి 400 మి.మీ. వేగంతో భాగించి ఒకటిన్నర నిమిషమని రాసేయడం. మంట వెలిగి ఉన్న సమయం ఒక్కటే పని సమయం కాదు.

అందుకే పనిని ముక్కలు చేసి చూడాలి. ఫిక్చర్‌లో బిగించడానికి 0.8 నిమిషం, చుక్క వెల్డింగ్‌కు 0.6, అసలు అతుకులకు 1.5, మూలమూలకూ తిప్పడానికి 0.6, విప్పి పక్కన పెట్టడానికి 0.5 అనుకుందాం. మొత్తం 4 నిమిషాలు. మనిషి రోజంతా ఒకే వేగంతో పని చేయలేడు. నీళ్లు తాగాలి, నడుము వాల్చాలి, నాజిల్ శుభ్రం చేసుకోవాలి. అందుకు 15 శాతం కలిపితే 4.6 నిమిషాలు. ఎనిమిది గంటల షిఫ్టులో దాదాపు 104 పెట్టెలు. ఒకటిన్నర నిమిషం లెక్కన చూస్తే 320 వస్తాయి. ఆ 320ని నమ్మి డెలివరీ తేదీ ఒప్పుకున్న షాపు తర్వాత ఓవర్‌టైమ్ కట్టుకోవాల్సి వస్తుంది.

బెండింగ్ మెషీన్ దగ్గర మరో అంశం ఉంది. డై మార్చి, సెట్టింగ్ సరిచూసుకోవడానికి 45 నిమిషాలు పడుతుందనుకుందాం. ఐదువందలూ ఒకేసారి చేస్తే ఒక్కో పెట్టె మీద పడేది 0.09 నిమిషం. నెలకు 50 చొప్పున చేస్తే 0.9 నిమిషం. పెట్టె అదే, మెషీన్ అదే, బ్యాచ్ సైజు మారితే సెటప్ భారం పదింతలవుతుంది. అందుకే ఎన్ని కావాలని అడిగితే చాలదు, ఎన్నేసి చొప్పున కావాలో కూడా అడగాలి.

నేర్చుకోవడం వల్ల సమయం తగ్గే తీరును టి.పి. రైట్ 1936లోనే విమానాల తయారీ ఖర్చు మీద రాసిన వ్యాసంలో చూపించాడు. ఉత్పత్తి మొత్తం రెట్టింపైన ప్రతిసారీ సగటు శ్రమ అంతకుముందున్న దాంట్లో సుమారు 80 శాతానికి దిగుతుందన్నాడు. మన పెట్టెకు అంత తగ్గుదల ఆశించకూడదు. ఫిక్చర్ బిగించాక వెల్డర్ నేర్చుకోవాల్సింది విమానం పనిలో ఉన్నంత ఉండదు. కానీ మొదటి నెల బ్యాచ్‌కు 4.6 నిమిషాలు రాకపోవచ్చని గుర్తుంచుకోవాలి, ఆ అదనపు సమయాన్ని విడిగా చూపించాలి.

అపోహ 4: ఇంజనీరింగ్ పద్ధతి వాడితే పాత లెక్కలతో పనే లేదు.

వాస్తవం: రేకు, కోత, వెల్డింగ్ లాంటి వాటిలో ఎంత పనికి ఎంత ఖర్చో కంటికి కనిపిస్తుంది. షెడ్డు అద్దె, మేనేజర్ జీతం, ఆఫీసు కరెంటు బిల్లు అలాంటివి కావు. ఒక పెట్టె చేయడానికి ఎంత అద్దె కావాలో ఏ డ్రాయింగూ చెప్పదు. ఈ పద్ధతి బలహీనపడేది అక్కడే. ఆ ఖర్చులకు షాపు పాత పుస్తకాలే దిక్కు. పెట్టెకు చరిత్ర లేకపోయినా షెడ్డుకు ఉంది కదా.

మెషీన్ గంట ఖర్చు ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. 12 లక్షల బెండింగ్ మెషీన్‌ను పదేళ్లలో అరగదీస్తామనుకుంటే ఏడాదికి 1,20,000 రూపాయలు. ఏడాదికి 2,000 గంటలు నడిస్తే గంటకు 60, వెయ్యి గంటలే నడిస్తే 120. నిజంగా ఎన్ని గంటలు నడుస్తుందో చెప్పాల్సింది పాత లాగ్‌బుక్కే. కొత్త ఆర్డర్ వస్తుందన్న ఉత్సాహంతో 2,000 అని రాసుకుంటే గంట రేటు సగానికి పడిపోయి, కాగితం మీద లాభం కనిపిస్తుంది.

అపోహ 5: పైసలదాకా వేశాం కాబట్టి అంచనా కచ్చితంగా ఉంటుంది.

వాస్తవం: మన పెట్టె లెక్క మొత్తం చూద్దాం. మెటీరియల్ 325. బయట చేయించే లేజర్ కోత మీటరుకు 20 చొప్పున 48, పౌడర్ కోటింగ్ 70. షాపులో చేసే బెండింగ్, వెల్డింగ్, గ్రైండింగ్‌కు మెషీన్ ఖర్చు, వైరు, గ్యాస్‌తో కలిపి 48. మొత్తం 491 రూపాయలు. ఇందులో షెడ్డు అద్దె లాంటివీ, లాభమూ ఇంకా కలపలేదు. వందకు మూడు పెట్టెలు పనికిరాకుండా పోతాయనుకుంటే నిలిచే ఒక్కో పెట్టె ఖర్చు 506 దాటుతుంది.

ఈ అంకెల్లో దేనికెంత బరువుందో గమనించండి. వెల్డింగ్ మనిషికీ యంత్రానికీ కలిపి గంటకు 240 పెట్టుకున్నాం. అంటే 4.6 నిమిషాల పని 18 రూపాయలు. ఆ సమయం అంచనా ఏకంగా రెట్టింపు తప్పినా నష్టం ఆ 18 రూపాయలే. షీటుకు ఏడు బదులు ఆరు ముక్కలు పడితే నష్టం 37 రూపాయలు. కూలి నిమిషాల మీద గంటలకొద్దీ వాదించి, రేకు అమరికను ఐదు నిమిషాల్లో తేల్చేస్తే శ్రద్ధ తప్పు చోట పెట్టినట్టే. ఖర్చులో మూడింట రెండొంతులు రేకుదే అయినప్పుడు ముందు తేల్చాల్సింది రేకు లెక్క.

ఇంకో సంగతి, ఈ పద్ధతిలో పెద్ద తప్పులు కొలతల్లో కంటే మరిచిపోయిన పనుల్లోనే ఎక్కువ. పౌడర్ కోటింగ్‌కు ముందు జిడ్డు కడగడం, కోటింగ్ షాపుకు రానూపోనూ ఆటో బాడుగ, గీతలు పడకుండా చుట్టే అట్ట డ్రాయింగ్‌లో కనిపించవు. పై మొత్తంలోనూ ఇవి లేవు. రేకు షాపులోకి దిగిన క్షణం నుంచి పెట్టె కస్టమర్ గేటు చేరేదాకా ప్రతి అడుగూ వరుసగా రాసుకుంటేనే ఇవి బయటపడతాయి.

అంచనా సరిపోయిందో లేదో మొదటి 50 పెట్టెల బ్యాచ్ చెబుతుంది. అప్పుడు కూడా ముందు రూపాయలు పోల్చకండి. రేకు ధర పెరిగినా, వాడకం పెరిగినా రూపాయల్లో ఒకేలా కనిపిస్తుంది. షీటుకు ఏడు చొప్పున 50 పెట్టెలకు ఎనిమిది షీట్లు చాలు. స్టోరు నుంచి తొమ్మిది వెళ్లాయంటే అమరికలోనో, చెడిపోయిన ముక్కల్లోనో తేడా ఉంది. ఎనిమిదే వెళ్లి బిల్లు పెరిగితే తేడా ధరలో ఉంది. మొదటిదాన్ని షాపులో సరిదిద్దుకోవాలి, రెండోదాన్ని కస్టమర్‌తో మాట్లాడుకోవాలి.