మూడో ఇరవై ఒకటి ఎక్కడి నుంచి వచ్చింది?

రక్తపరీక్ష రిపోర్టులో ఒక్క వరుస ఉంటుంది: 47,XX,+21. జన్యు వైద్యులకు దాని అర్థం చూడగానే తెలిసిపోతుంది. పాప కణాల్లో 46 ఉండాల్సిన క్రోమోజోమ్‌లు 47 ఉన్నాయి. ఎక్కువైంది ఇరవై ఒకటోది. పాపకు డౌన్ సిండ్రోమ్ ఉంది. అయితే ఆ వరుస చెప్పని సంగతి ఒకటుంది. ఆ అదనపు క్రోమోజోమ్ ఎప్పుడు, ఏ విభజనలో వచ్చి చేరింది? అండం తయారవుతున్నప్పుడా, శుక్రకణం తయారవుతున్నప్పుడా, లేక కడుపులో పిండం పెరగడం మొదలయ్యాకా?

దీన్ని ఆరా తీయడానికి కావలసిన సరంజామా ఇంటర్ మొదటి సంవత్సరం బోటనీలోనే ఉంది. పరీక్షల ముందు పిల్లలు నోట్సులో గీసుకునే తేడాల పట్టిక అది. ఒకవైపు సమవిభజన, ఇంకోవైపు క్షయకరణ విభజన. ఇంగ్లిష్ మీడియం వాళ్లకు అవే మైటోసిస్, మియోసిస్. చిక్కల్లా ఆ పట్టికను రెండు నిలువు వరుసలతో సరిపెట్టేయడంలో ఉంది. క్షయకరణ విభజన అనేది ఒకదాని వెంట ఒకటి జరిగే రెండు విభజనలు. రెండింటినీ ఒకే వరుసలో కుక్కితే అసలు విషయం మరుగున పడుతుంది. అందుకని ఇక్కడ వాటిని విడదీసి చూద్దాం.

| అంశం | సమవిభజన | మొదటి క్షయకరణ విభజన | రెండో క్షయకరణ విభజన |
|---|---|---|---|
| ఎక్కడ | శరీర కణాల్లో | అండం, శుక్రకణం పుట్టే మాతృకణాల్లో | మొదటి విభజనతో వచ్చిన కణాల్లో |
| ముందు డీఎన్ఏ రెట్టింపు | అవుతుంది | అవుతుంది | కాదు |
| జతలు కలిసి ముక్కలు మార్చుకోవడం | మామూలుగా ఉండదు | ఉంటుంది | ఉండదు |
| విడిపోయేవి | సోదర క్రొమాటిడ్‌లు | జతలోని రెండు క్రోమోజోమ్‌లు | సోదర క్రొమాటిడ్‌లు |
| మనిషిలో పిల్లకణానికి వచ్చేవి | 46 | 23, ఒక్కోదానిలో రెండు క్రొమాటిడ్‌లు | 23, ఒక్కోదానిలో ఒకే క్రొమాటిడ్ |
| 21వది విడిపోకపోతే | ఒక కణానికి 47, ఇంకోదానికి 45 | చివరి నాలుగు కణాలూ తప్పే: రెండింట 24, రెండింట 22 | రెండు సరైనవి, ఒకదానిలో 24, ఒకదానిలో 22 |

నాలుగో అడ్డు వరుసను మళ్లీ ఒకసారి చదవాలి. సమవిభజనలోనూ, రెండో క్షయకరణ విభజనలోనూ జరిగే పని ఒకటే. డీఎన్ఏ రెట్టింపైనప్పుడు ప్రతి క్రోమోజోమ్‌కూ ఒక నకలు తయారై, అసలూ నకలూ సెంట్రోమియర్ దగ్గర అతుక్కుని ఉంటాయి. వాటినే సోదర క్రొమాటిడ్‌లు అంటారు. ఈ రెండు విభజనల్లోనూ విడిపోయేవి అవే. మొదటి క్షయకరణ విభజన తీరు వేరు. అందులో అమ్మ నుంచి వచ్చిన ఇరవై ఒకటీ, నాన్న నుంచి వచ్చిన ఇరవై ఒకటీ జతకట్టి, ఆ తర్వాత చెరో ధ్రువానికీ వెళ్తాయి. సోదర క్రొమాటిడ్‌లు మాత్రం అప్పటికి కలిసే ఉంటాయి. సంఖ్య సగమయ్యేది ఇక్కడే.

ఈ జత విడిపోవడం సవ్యంగా సాగాలంటే ముందు అది గట్టిగా కలిసి ఉండాలి. వినడానికి విడ్డూరంగా ఉన్నా, కణంలో జరిగేది అదే. ప్రథమ దశలో రెండు క్రోమోజోమ్‌లు నిలువునా ఒకదాని పక్కన ఒకటి చేరతాయి. కణమే తన డీఎన్ఏను కొన్నిచోట్ల కావాలని తెంచుకుంటుంది. ఆ తెగిన చోట్లను అతికేటప్పుడు, కొన్నింట్లో ఈ క్రోమోజోమ్ ముక్క ఆ క్రోమోజోమ్‌కూ, దాని ముక్క దీనికీ అతుకుతుంది. దీన్నే వినిమయం లేదా క్రాసింగ్ ఓవర్ అంటారు. మార్పిడి జరిగిన చోటు తర్వాత మైక్రోస్కోపు కింద ముడిలా కనిపిస్తుంది. దాని పేరు కయాస్మా.

క్రాసింగ్ ఓవర్ వల్ల ఏం లాభమని అడిగితే పిల్లలంతా ఠక్కున వైవిధ్యం అంటారు. తప్పేమీ కాదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకేలా ఉండకపోవడంలో దానికీ పాత్ర ఉంది. కాకపోతే కణానికి దానితో అంతకన్నా తక్షణ అవసరం ఒకటుంది. విభజన సమయంలో కండె తంతువులు జతలోని ఒక క్రోమోజోమ్‌ను ఒకవైపూ, రెండోదాన్ని ఎదురువైపూ లాగుతాయి. తాడులాట ఆడేటప్పుడు తాడు ఒక్కటే అయితేనే రెండువైపులా బిగువు తెలుస్తుంది. ఇక్కడ ఆ తాడును కలిపి ఉంచేది కయాస్మా. బిగువు కుదిరితే పట్టు సరిగ్గా ఉన్నట్టు లెక్క. ముడే పడకపోతే రెండు క్రోమోజోమ్‌లూ దేనిదారి దానిదే అన్నట్టు తేలుతుంటాయి. అప్పుడు రెండూ ఒకే వైపు వెళ్లే అవకాశం పెరుగుతుంది. ఇలా విడిపోవాల్సినవి విడిపోకపోవడమే నాన్‌డిస్‌జంక్షన్. ఇరవై ఒకటోది మన క్రోమోజోమ్‌లలో చాలా చిన్నది. దానికి సాధారణంగా ఒక్క ముడే పడుతుంది కాబట్టి, అది తప్పిపోతే ఆదుకోవడానికి రెండోది ఉండదు.

డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో సుమారు 95 శాతం మందికి కారణం ఈ విడిపోకపోవడమే. అందులోనూ పదింట తొమ్మిది వంతుల దాకా అండం తయారయ్యేటప్పుడు జరిగేవే, వాటిలో ఎక్కువ భాగం మొదటి విభజనలోవే. ఆడపిల్ల ఇంకా తల్లి కడుపులో ఉండగానే ఆమె అండకణాలన్నీ మొదటి క్షయకరణ విభజన మొదలుపెట్టి, ముడులు వేసుకుని, అక్కడే ఆగిపోతాయి. మళ్లీ కదిలేది ఆమె పెద్దయ్యాక, ఆ అండం విడుదలయ్యే నెలలో. ముప్పై అయిదేళ్ల స్త్రీ అండంలోని ముడి ముప్పై అయిదేళ్లకు పైగా పాతది. సోదర క్రొమాటిడ్‌లను కలిపి ఉంచే కొహెసిన్ అనే ప్రోటీన్ వలయాలే ఆ ముడిని కూడా నిలబెడతాయి. ఏళ్లు గడిచేకొద్దీ అవి తగ్గిపోతాయి, ముడి సడలుతుంది. అందుకే తల్లి వయసు 25 ఉన్నప్పుడు దాదాపు 1200 కాన్పుల్లో ఒకటిగా ఉండే అవకాశం 35కి 350లో ఒకటికి, 40కి దాదాపు వందలో ఒకటికి చేరుతుంది. అలాగని ఇది పెద్ద వయసు తల్లుల సమస్య మాత్రమే అనుకుంటే పొరపాటు. కాన్పుల్లో ఎక్కువ భాగం చిన్న వయసు తల్లులవే కాబట్టి డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో ఎంతోమంది వాళ్లకే పుడుతున్నారు.

ఇప్పుడు అసలు ఆరా. ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. డీఎన్ఏలో కొన్నిచోట్ల చిన్న అక్షరాల గుంపు ఒకటి మళ్లీ మళ్లీ వస్తుంది. ఎన్నిసార్లు వస్తుందన్నది ఒక్కో క్రోమోజోమ్‌లో ఒక్కోలా ఉంటుంది. ఆ సంఖ్యే గుర్తింపు గుర్తు. ఇరవై ఒకటో క్రోమోజోమ్ సెంట్రోమియర్‌కు దగ్గర్లో అలాంటి గుర్తు తల్లికి ఒకదానిపై 10, రెండోదానిపై 12 ఉన్నాయి. తండ్రి నుంచి బిడ్డకు వచ్చింది 15.

బిడ్డలో 10, 12, 15 మూడూ కనిపించాయనుకోండి. తల్లి జతలోని రెండు క్రోమోజోమ్‌లూ ఒకే అండంలోకి వచ్చాయన్నమాట. అవి విడిపోవాల్సింది మొదటి విభజనలో. తప్పు అక్కడిదే.

అలా కాక 10, 10, 15 వచ్చిందనుకోండి. 10 దగ్గర సంకేతం రెండింతలు ఉండటంతో అది రెండుసార్లు వచ్చిందని తెలుస్తుంది. ఒకే క్రోమోజోమ్ తాలూకు సోదర క్రొమాటిడ్‌లు రెండూ కలిసి వచ్చాయి. కానీ పట్టిక ప్రకారం సోదర క్రొమాటిడ్‌లు విడిపోయేది రెండు చోట్ల, రెండో క్షయకరణ విభజనలోనూ, పిండంలోని సమవిభజనలోనూ. ఏదని తేల్చేది ఎలా?

ఇక్కడ క్రాసింగ్ ఓవరే సాక్ష్యం చెబుతుంది. క్రోమోజోమ్ చివరి కొసన ఇంకో గుర్తు చూస్తారు. తల్లికి అక్కడ 31, 34 ఉన్నాయి. తల్లి నుంచి వచ్చిన రెండింటిలో ఒకదాని కొసన 31, రెండోదాని కొసన 34 ఉంటే మధ్యలో ముక్కల మార్పిడి జరిగిందని అర్థం. మార్పిడి జరిగేది క్షయకరణ విభజనలోనే కనుక తప్పు అండంలో, రెండో విభజనలో జరిగింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా రెండూ అచ్చు ఒకేలా ఉంటే అప్పుడు అనుమానం పిండం తొలి సమవిభజనల మీదికి వెళ్తుంది.

ఈ తర్కానికీ హద్దులున్నాయి. సోదర క్రొమాటిడ్‌లు మొదటి విభజనలోనే తొందరపడి విడిపోయి, రెండోదానిలో ఒకేవైపు చేరినా గుర్తులు రెండో విభజన తప్పులాగే కనిపిస్తాయి. కొందరిలో రిపోర్టు 47,XX,+21/46,XX అని వస్తుంది. కొన్ని కణాల్లో 47, కొన్నింట్లో 46. దీన్ని మొజాయిక్ అంటారు. పిండం 46తో మొదలై ఒక కణం తప్పటడుగు వేసినా ఇలా వస్తుంది. 47తో మొదలై ఒక కణం అదనపుదాన్ని వదిలించుకున్నా ఇలాగే వస్తుంది. రిపోర్టు చూసి ఏది జరిగిందో చెప్పలేం.

విచిత్రమేమిటంటే క్షయకరణ విభజనలో జరిగిన తప్పును ల్యాబ్‌లో చూసేది సమవిభజన కిటికీలోంచే. బిడ్డ రక్తంలోని తెల్లకణాలను మూడు రోజులు పెంచి, విభజనకు పురికొల్పి, కోల్చిసిన్ లాంటి మందుతో మధ్యస్థ దశలో ఆపేస్తారు. పలుచని ఉప్పునీటితో కణాలు ఉబ్బి క్రోమోజోమ్‌లు విడివిడిగా పరుచుకుంటాయి. రంగు వేసి లెక్కపెడతారు. మనిషికి క్రోమోజోమ్‌లు 48 కాదు, 46 అని జో హిన్ త్జియో, ఆల్బర్ట్ లెవాన్ ఇలాంటి పద్ధతితోనే 1956లో ప్రకటించారు. మూడేళ్లకు, 1959లో, పారిస్‌లో జెరోమ్ లెజూన్, మార్త్ గోతియే, రేమాన్ తుర్పాఁ డౌన్ సిండ్రోమ్ పిల్లల కణాల్లో నలభై ఏడోదాన్ని చూపించారు. కణాలను పెంచే ల్యాబ్ పనంతా గోతియేదే అయినా పేరు చాలాకాలం లెజూన్‌కే దక్కింది.

లెక్కపెట్టడంతోనే పని అయిపోదు. నూటికి ముగ్గురు నలుగురిలో రిపోర్టు మొత్తం 46 అనే చూపిస్తుంది. ఇరవై ఒకటోది ఇంకో క్రోమోజోమ్‌కు, తరచూ పద్నాలుగోదానికి, అతుక్కుని దాక్కుంటుంది. అలాంటప్పుడు తల్లిదండ్రులిద్దరి రక్తం కూడా పరీక్షిస్తారు. వాళ్లలో ఒకరికి 45 క్రోమోజోమ్‌లే ఉండి, ఏ ఇబ్బందీ లేకుండా ఆరోగ్యంగా ఉండవచ్చు. ఆ అతుకు తల్లిదైతే తర్వాతి కాన్పులో మళ్లీ ఇలా జరిగే అవకాశం నూటికి పది నుంచి పదిహేను. తండ్రిదైతే అంతకన్నా చాలా తక్కువ.