బిల్లు ఇంకా మార్చిలోనే ఉందండీ

సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో దాదాపు రోజూ జరిగే వ్యవహారం ఇది. డెవలపర్ ఒక లోపాన్ని సరిచేసి, దాని టికెట్ మీద ‘ఫిక్స్ అయింది’ అని రాస్తాడు. టెస్టర్ దాన్ని మళ్లీ పరీక్షిస్తుంది. లోపం పోలేదు. ఇప్పుడామె ఆ టికెట్‌ను తిరిగి తెరవాలి. అయిపోయిందనుకున్న పనిని అవతలి మనిషి ముందు మళ్లీ పెట్టాలి.

‘ఇంకా పనిచేయట్లేదు, ప్లీజ్ చెక్’ అని రాసి పంపితే ఏమవుతుంది? డెవలపర్ తన కంప్యూటర్లో చూసుకుంటాడు. అక్కడ బాగానే ఉంటుంది. ‘నా దగ్గర పనిచేస్తోంది’ అని తిప్పి పంపుతాడు. టికెట్ అలా రెండు మూడుసార్లు అటూ ఇటూ తిరిగేసరికి వారం గడిచిపోతుంది, మాటలు కరుకుదేరతాయి, లోపం మాత్రం కదలదు. అందుకే అనుభవమున్న టెస్టర్లు టికెట్ తిరిగి తెరిచేటప్పుడు రాసే నాలుగు ముక్కల మీద చాలా శ్రద్ధ పెడతారు. అసలు పనంతా ఆ ముక్కలు రాయడానికి ముందే జరుగుతుంది. ఒక ఉదాహరణ తీసుకుని చూద్దాం.

రాత్రంతా తెరిచి ఉండే మందుల షాపు ఒకటుందనుకోండి. అక్కడ బిల్లులు వేసే యాప్, ప్రతి బిల్లు సమయాన్నీ సర్వర్‌లో దాచుకుంటుంది. చాలా సర్వర్లు సమయాన్ని మన కాలమానంలో కాకుండా, యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక కాలంలో దాస్తాయి. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. కాబట్టి ఏప్రిల్ 1 తెల్లవారుజామున 2:10కి వేసిన బిల్లు సర్వర్ లెక్కలో మార్చి 31 రాత్రి 8:40కి వేసినట్టు ఉంటుంది. ప్రోగ్రాములో ఆ తేడాను సర్దకపోతే బిల్లు మార్చి రిపోర్టులోకి వెళ్లిపోతుంది. మార్చి 31తో ఆర్థిక సంవత్సరం కూడా ముగుస్తుంది కాబట్టి, షాపు యజమాని జీఎస్టీ లెక్క ఒక ఏడాదిది ఇంకో ఏడాదిలో పడుతుంది.

టెస్టర్ ఈ లోపాన్ని పట్టుకుని, ‘ఏప్రిల్ 1 బిల్లు మార్చి రిపోర్టులో వస్తోంది’ అని టికెట్ పెట్టింది. డెవలపర్ సరిచేసి, టికెట్ స్థితిని Resolved అని మార్చాడు. కొత్త బిల్డ్ రాగానే ఆమె రిపోర్టు తెరిచింది. ఇంతకుముందు ‘31-03-2025, రాత్రి 8:40’ అని కనిపించిన బిల్లు పక్కన ఇప్పుడు ‘01-04-2025, ఉదయం 2:10’ అని సరిగ్గా ఉంది. తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడే సంతృప్తిపడి టికెట్ మూసేస్తారు. ఆమె రిపోర్టు పైభాగం కూడా చూసింది. అది మార్చి రిపోర్టే. ఏప్రిల్ తేదీ వేసుకున్న బిల్లు మార్చి జాబితాలో కూర్చుని, మార్చి మొత్తంలో కలుస్తోంది. తేదీని తెర మీద చూపించే కోడ్ వేరు, ఏ నెలలో ఏ బిల్లులు రావాలో ఎంచే కోడ్ వేరు. డెవలపర్ మొదటిది సరిచేశాడు. రెండోది అలాగే ఉండిపోయింది.

అయినా ఆమె వెంటనే రాయలేదు. ముందు మూడు సంగతులు తేల్చుకుంది. మొదటిది, తాను చూస్తున్న బిల్డ్‌లో ఆ ఫిక్స్ నిజంగా ఉందా? టెస్ట్ సర్వర్ మీద నిన్నటి బిల్డే ఉండిపోవడం తరచూ జరిగేదే. యాప్ అబౌట్ పేజీలో ఉన్న బిల్డ్ నంబరు, డెవలపర్ టికెట్‌లో రాసిన నంబరు ఒకటేనని సరిచూసుకుంది. రెండోది, కనిపిస్తున్నది పాత సరుకు కాదు కదా? ఒకసారి తయారైన రిపోర్టును కొన్ని యాప్‌లు దాచుకుని మళ్లీ అదే చూపిస్తాయి. అందుకని లాగౌట్ అయి, కొత్త బిల్లులు వేసి, రిపోర్టును మళ్లీ తయారు చేయించింది. మూడోది, మొదట టికెట్‌లో రాసిన స్టెప్పులనే వరుస తప్పకుండా చేసిందా? దారి మారిస్తే కనిపించేది వేరే లోపం కావచ్చు.

తర్వాత కొత్త ఆధారం కోసం వెతికింది. 2:10 బిల్లు స్క్రీన్‌షాట్ మొదటి టికెట్‌లోనే ఉంది. మళ్లీ అదే పంపితే డెవలపర్‌కు కొత్తగా తెలిసేదేమీ ఉండదు. లోపం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూపించగలిగితే అతని పని సగం తగ్గుతుంది. ఫోన్‌లో టైం మార్చి చూస్తే ఈ పరీక్ష కుదరదు, ఎందుకంటే బిల్లు సమయాన్ని వేసేది సర్వర్. కాబట్టి టెస్ట్ సర్వర్‌లోని డేటాలోనే తనకు కావలసిన సమయాలతో బిల్లులు చేర్చింది. ఒక్కో బిల్లుకు ఒక్కో మొత్తం పెట్టింది. అలా పెడితే ఏ బిల్లు ఏ నెల మొత్తంలో కలిసిందో కూడిక చూసి కూడా చెప్పవచ్చు. ఉదయం 5:29 బిల్లు మార్చిలోకి వెళ్లింది, 5:30 బిల్లు ఏప్రిల్‌లోకి వచ్చింది. ఒక్క నిమిషం తేడాతో నెల మారిపోయింది. ఆ జంట దొరికాక రాయడం మొదలుపెట్టింది.

“నమస్తే అండీ. ఈ టికెట్‌ను మళ్లీ ఓపెన్ చేస్తున్నాను. బిల్లు పక్కన తేదీ, సమయం ఇప్పుడు సరిగ్గా వస్తున్నాయి, ఆ భాగం ఓకే. కానీ ఏప్రిల్ 1 బిల్లు ఇంకా మార్చి రిపోర్టులోనే ఉందండీ, మార్చి మొత్తంలో కలుస్తోంది.

చూసింది టెస్ట్ సర్వర్‌లో, బిల్డ్ 4.2.1. మీరు రాసిన నంబరే, అబౌట్ పేజీలో సరిచూశాను. లాగౌట్ అయి, కొత్త బిల్లులతో, రిపోర్టు కొత్తగా తీశాను. స్టెప్పులు టికెట్‌లో మొదట రాసినవే. రెండుసార్లు చేశాను, రెండుసార్లూ ఇలాగే వచ్చింది:

ఏప్రిల్ 1, ఉదయం 2:10, రూ. 340: మార్చిలో వచ్చింది, రావాల్సింది ఏప్రిల్‌లో.
ఏప్రిల్ 1, ఉదయం 5:29, రూ. 101: మార్చిలో వచ్చింది, రావాల్సింది ఏప్రిల్‌లో.
ఏప్రిల్ 1, ఉదయం 5:30, రూ. 102: ఏప్రిల్‌లో వచ్చింది, సరైనదే.
మార్చి 1, అర్ధరాత్రి దాటాక 12:40, రూ. 103: ఫిబ్రవరిలో వచ్చింది, రావాల్సింది మార్చిలో.

సరిగ్గా 5:30 దగ్గర మారుతోంది కాబట్టి, నెలను ఎంచుకునే చోట యూటీసీ సమయం వాడుతున్నామేమో అనిపించింది. ఇది నా ఊహ మాత్రమే, మీరొకసారి చూడండి. రెండు నెలల రిపోర్టులూ, స్క్రీన్‌షాట్లూ జతచేశాను. ఈ బిల్లులను టెస్ట్ సర్వర్‌లో అలాగే ఉంచాను. కలిసి చూద్దామంటే మధ్యాహ్నం 3 తర్వాత ఖాళీగా ఉంటాను.”

ఈ సందేశంలో ‘మీ ఫిక్స్ పనిచేయలేదు’ అన్న మాట లేదు. చెబుతున్నదంతా బిల్లు గురించి, రిపోర్టు గురించి. కుదిరిన భాగాన్ని ముందే చెప్పడం మర్యాద ఒక్కటే కాదు, సమాచారం కూడా. తేదీ చూపించే కోడ్‌ను మళ్లీ ముట్టుకోనక్కర్లేదని డెవలపర్‌కు తెలిసిపోతుంది. బిల్డ్ నంబరు, ‘కొత్తగా తీశాను’ అన్న మాట అతను అడగబోయే మొదటి రెండు ప్రశ్నలకు ముందుగానే జవాబిస్తాయి. కారణం గురించి ఆమెకు గట్టి అనుమానమే ఉన్నా దాన్ని ఊహగానే రాసింది. చూసినదాన్నీ ఊహించినదాన్నీ కలిపేస్తే, ఊహ తప్పైన రోజున చూసినదాన్ని కూడా ఎవరూ నమ్మరు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మందుల బిల్లుల్లో పేషెంట్ల పేర్లు ఉంటాయి. అందుకే జతచేసిన స్క్రీన్‌షాట్లన్నీ టెస్ట్ బిల్లులవే.

ఇది చదివిన డెవలపర్ కోడ్ తెరిస్తే వెతుకులాట ఎక్కువ ఉండదు. నెలను ఎంచే చోట ఇలా ఉంది:

```sql
WHERE created_at >= '2025-03-01'
  AND created_at <  '2025-04-01'
```

సర్వర్‌లో సమయాలు యూటీసీలో ఉన్నాయి కాబట్టి మన మార్చి నెల సరిహద్దులను కూడా యూటీసీలోకి మార్చాలి. రెండు చివరలా ఐదున్నర గంటలు వెనక్కి జరిపితే సరి:

```sql
WHERE created_at >= '2025-02-28 18:30:00'
  AND created_at <  '2025-03-31 18:30:00'
```

సరిచేశామనుకున్నది సగమే సరికావడం పెద్ద పెద్ద ప్రోగ్రాముల్లోనూ జరిగింది. 2014 సెప్టెంబరు 24న, లినక్స్ కంప్యూటర్లలో విరివిగా వాడే బాష్ అనే ప్రోగ్రాములో ఉన్న భద్రతా లోపం బయటికి వచ్చింది. షెల్‌షాక్ అని పేరుపడిన లోపం అదే. దాన్ని కనుగొన్నది స్టెఫాన్ షాజెలాస్. బయటపెట్టిన రోజునే దిద్దుబాటు కూడా విడుదల చేశారు. ఆ దిద్దుబాటు చాలదని టావిస్ ఓర్మాండీ అనే భద్రతా నిపుణుడు అదే రోజు చూపించాడు. ఆయన ఆధారం ఒకే ఒక్క వరుస:

```
env X='() { (a)=>\' sh -c "echo date"; cat echo
```

బాష్ పూర్తిగా బాగుపడి ఉంటే ఇది ‘date’ అనే పదాన్ని తెర మీద చూపించి, `echo` అనే ఫైలు లేదని చెప్పి ఊరుకోవాలి. లోపం మిగిలి ఉంటే, ఎవరూ అడగకుండానే `echo` అనే పేరుతో ఒక ఫైలు పుట్టి, అందులో ఆనాటి తేదీ చేరుతుంది. దిద్దుబాటు వేసుకున్న, `sh` అంటే బాష్ అయిన కంప్యూటర్ మీద ఎవరైనా దీన్ని నడిపి, ఫలితాన్ని కళ్లారా చూడగలిగారు. మిగిలిపోయిన ఆ లోపానికి CVE-2014-7169 అని వేరే నంబరు ఇచ్చి, దానికీ దిద్దుబాటు తెచ్చారు. మందుల షాపు టికెట్‌లోని 5:29, 5:30 బిల్లులు చేసే పనీ ఇదే. నమ్మమని అడగవు, మీరే నడిపి చూసుకోమంటాయి.

షెల్‌షాక్‌లో రెండో లోపానికి కొత్త నంబరు ఇచ్చినట్టే, ఆఫీసుల్లోనూ ప్రతిసారీ పాత టికెట్‌నే తెరవరు. అదే స్టెప్పులతో అదే ఫలితం తప్పుగా వస్తేనే తిరిగి తెరవాలి. ఈ రిపోర్టు చూస్తున్నప్పుడే ప్రింటులో అంకెలు పక్క గడిలోకి జరిగినట్టు కనిపిస్తే అది కొత్త టికెట్. రెండూ ఒకేచోట రాస్తే ఒకటి సరికాగానే టికెట్ మూసేస్తారు, రెండోది మరుగున పడుతుంది. ఫిక్స్ వినియోగదారుల చేతికి వెళ్లి నెలలు గడిచాక లోపం తిరిగొచ్చినా చాలా టీములు కొత్త టికెట్ తెరిచి, పాతదాన్ని దానికి లింకు చేస్తాయి. ఏ విడుదలలో ఏం సరిచేశారన్న రికార్డు అప్పుడే చెదరకుండా ఉంటుంది.

తర్వాతి బిల్డ్‌లో టెస్టర్ అవే నాలుగు బిల్లులతో రిపోర్టు మళ్లీ తీస్తుంది. డిసెంబరు 31, జనవరి 1 మధ్య రాత్రికి కూడా రెండు బిల్లులు చేర్చి చూస్తుంది. అన్నీ సరైన నెలలో పడితే టికెట్ మూస్తూ బిల్డ్ నంబరు, చూసిన సమయాలు, ఒక్కోటి ఏ నెలలో వచ్చిందో రాస్తుంది. ఒకవేళ తాను చూసింది పాత బిల్డ్ అని ఎప్పుడైనా తేలితే, ‘బిల్డ్ 4.2.0లో చూశానండీ, 4.2.1లో సరిగ్గానే ఉంది, టికెట్ మూసేస్తున్నాను’ అని అక్కడే రాస్తే సరిపోతుంది. 5:29, 5:30 బిల్లులు మాత్రం ప్రతి విడుదలకు ముందూ నడిపే పరీక్షల జాబితాలో చేరిపోతాయి.