ఐదు లక్షల వెబ్‌సైట్: భాగస్వాముల ముందు పెట్టాల్సిన లెక్క

విజయవాడలో ముగ్గురు భాగస్వాములు నడిపే పచ్చళ్ల వ్యాపారం ఒకటి ఉందనుకుందాం. ఎనిమిదేళ్ల కిందట కట్టించుకున్న వెబ్‌సైట్ ద్వారా నెలకు రెండొందల ఆర్డర్లు వస్తున్నాయి. దాన్ని ఐదు లక్షలు పెట్టి కొత్తగా కట్టించాలని ఒకరి ఆలోచన. "ఉన్నది బాగానే నడుస్తోంది కదా" అని మిగతా ఇద్దరూ అంటున్నారు. వ్యాపారం, దాని అంకెలు వివరించడానికి నేను అనుకున్నవే. కానీ ఇలాంటి చర్చ చిన్న సంస్థల్లో తరచూ జరిగేదే.

చట్టం దృష్టిలో ఇది చిన్న విషయం. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరేలా రాసుకోకపోతే, రోజువారీ వ్యాపార విషయాల్లో మెజారిటీ మాట చెల్లుతుంది. అయితే ఖర్చు ముగ్గురి వాటాల్లోంచీ పోతుంది. ఇష్టం లేనివారిని ఓటుతో ఓడించి డబ్బు ఖర్చు పెడితే, తర్వాత ప్రతి ఆర్డరు తగ్గినప్పుడూ ఆ మాట బయటికొస్తుంది. అందుకే ఒప్పించడమే దారి.

ఒప్పించబోయేవారు ఎక్కువమంది కొత్త డిజైన్ బొమ్మలతో మొదలుపెడతారు. రంగులు, అక్షరాలు, పోటీదారుల సైట్లు చూపిస్తారు. అక్కడే చర్చ అభిరుచుల మీదికి మళ్లిపోతుంది. ఒకరికి ఎరుపు నచ్చుతుంది, ఇంకొకరికి పాత లోగో మీద మమకారం. నా దృష్టిలో మొదట చూపాల్సింది రెండు నిమిషాల వీడియో: మామూలు కొనుగోలుదారు ఒకరు, అనుమతి తీసుకున్నాక, తన ఫోన్‌లో మన సైట్లో అరకిలో ఆవకాయ కొనడానికి పడే పాట్లు. పిన్‌కోడ్ గడి నొక్కితే అంకెలకు బదులు అక్షరాల కీబోర్డు తెరుచుకుంటుంది. ఒక అంకె తప్పు కొడితే చిరునామా మొత్తం చెరిగిపోతుంది. అన్నీ నింపి చివరి పేజీకి వచ్చాక, అప్పుడు మొదటిసారి కొరియర్ ఛార్జీ కనిపిస్తుంది. ఆవిడ ఫోన్ పక్కన పెట్టేస్తుంది. ఆ వీడియో చూశాక "నడుస్తోంది కదా" అనడం కష్టం.

ఆ తర్వాతే అంకెలు. నెలకు 20,000 మంది సైట్‌కి వస్తున్నారు. వారిలో 15,000 మంది ఫోన్ నుంచి, 5,000 మంది కంప్యూటర్ నుంచి. కంప్యూటర్ మీద వచ్చినవారిలో నూటికి 2.2 మంది కొంటున్నారు, అంటే 110 ఆర్డర్లు. ఫోన్ మీద నూటికి 0.6 మందే, అంటే 90 ఆర్డర్లు. జనం మూడు రెట్లు, ఆర్డర్లు తక్కువ. ఫోన్‌లో ఊరికే చూసిపోయేవారు ఎక్కువే కాబట్టి రెండూ సమానం కావాలని ఆశించకూడదు. అయినా ఇంత తేడా ఉందంటే ముందు ఫోన్ వైపే చూడాలి.

లాభం లెక్క వేసేటప్పుడు చాలామంది అమ్మకాల మొత్తం చూపిస్తారు. ఆర్డరు 900 రూపాయలు, తొంభై ఆర్డర్లు పెరిగితే నెలకు 81,000 అంటారు. పచ్చళ్ల వ్యాపారం తెలిసిన భాగస్వామికి ఆ అంకె మీద వెంటనే అనుమానం వస్తుంది. మామిడికాయ, నూనె, కారం, సీసా, ప్యాకింగ్, కొరియర్, ఆన్‌లైన్ చెల్లింపు రుసుము అన్నీ పోగా ఆర్డరుకు మిగిలేది 300 అనుకుందాం. ఫోన్ కొనుగోళ్లు 0.6 నుంచి 1.2 శాతానికి చేరితే పెరిగే తొంభై ఆర్డర్ల మీద మిగులు 27,000. కొత్త సైట్ నిర్వహణకు నెలకు 5,000 అదనం. చేతికొచ్చేది 22,000. అంటే పెట్టిన ఐదు లక్షలు తిరిగి రావడానికి ఇరవై మూడు నెలలు పడుతుంది.

పెరుగుదల అందులో సగమే వస్తే? అప్పుడు చేతికొచ్చేది 8,500. ఐదు లక్షలు రావడానికి దాదాపు ఐదేళ్లు పడుతుంది. అప్పటికి ఆ సైట్ కూడా పాతబడుతుంది. ఈ రెండో లెక్క దాచిపెట్టి మొదటిదే చూపిస్తే, లెక్కలు చూసే భాగస్వామి దాన్ని తానే వేస్తారు. ఆపైన మిగతా మాటలకు విలువ ఉండదు.

రెండో లెక్క చూశాక ఎవరైనా అడిగే ప్రశ్న ఒకటే: "ఆ ఫోన్ ఫారం ఒక్కటీ బాగుచేస్తే సరిపోదా?" ఇది మంచి ప్రశ్న. దీనికి తడబడకుండా అవునని చెప్పగలగాలి. ఐదు లక్షల్లోంచి ముందు ఒక లక్షే అడిగి, ఆ డబ్బుతో ఫోన్‌లో కొనే మూడు పేజీలు మార్చాలి. కొరియర్ ఛార్జీ మొదటి పేజీలోనే చూపాలి. ఫోన్ కొనుగోళ్లు 0.9 శాతానికి చేరినా నెలకు 13,500 మిగులు, ఎనిమిది నెలల్లోపు లక్ష వెనక్కొస్తుంది.

ఆ ఫలితాన్ని ఎలా కొలవాలో కూడా ముందే ఒప్పుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఆవకాయ ఆర్డర్లు వాటంతటవే పెరుగుతాయి, ఆ ఘనత వెబ్‌సైట్‌కి ఇవ్వకూడదు. ఇక్కడ కంప్యూటర్ కొనుగోళ్లు అక్కరకొస్తాయి. వాటిని మనం ముట్టుకోలేదు, సీజన్ మాత్రం రెండింటికీ ఒకటే. కంప్యూటర్ మీద 2.2 శాతం కదలకుండా ఫోన్ శాతం పెరిగితే అది మార్పు ఫలితమే. ఇంకో జాగ్రత్త: నెలకు తొంభై ఆర్డర్లు వచ్చేచోట ఏ మార్పూ లేకుండానే పదో పదిహేనో అటూ ఇటూ అవుతాయి. నెల తిరక్కుండానే తొంభై నూరైందని సంబరపడొద్దు. రెండు నెలలు కలిపి 180 ఉండాల్సినచోట 270 వస్తే నమ్మొచ్చు.

మిగతా నాలుగు లక్షలకు అప్పుడు విడిగా లెక్క వేయాలి. అప్పటికి పెరగాల్సిన ఆర్డర్లలో సగం ఒక లక్షతోనే వచ్చేసి ఉంటాయి కాబట్టి, నాలుగు లక్షలు నాలుగేళ్లకు గాని తిరిగి రావు. ఆదాయం పేరుతో అడిగితే అది బలహీనమైన వాదన. కానీ ఎనిమిదేళ్ల సైట్లకు వేరే కారణం ఉండొచ్చు. ఉదాహరణకు PHP 7.4 వెర్షన్‌కు 2022 నవంబరుతో భద్రతా సవరణలు ఆగిపోయాయి. కొనుగోలుదారుల చిరునామాలు, ఫోన్ నంబర్లు అలాంటి సాఫ్ట్‌వేర్ మీద ఉంచడం ప్రమాదం. మన సైట్ పరిస్థితి అదే అయితే ఈ ఖర్చును భద్రత ఖర్చుగానే అడగాలి, లాభంగా చూపించకూడదు.

అసలు రిస్కు ఈ రెండో దశలోనే ఉంది. బ్రిటన్‌లోని మార్క్స్ అండ్ స్పెన్సర్ 2014 ఫిబ్రవరిలో 15 కోట్ల పౌండ్ల ఖర్చుతో కొత్త వెబ్‌సైట్ తెచ్చింది. పాత ఖాతాదారులంతా మళ్లీ నమోదు చేసుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాది జూన్ చివరికి ముగిసిన 13 వారాల్లో ఆన్‌లైన్ అమ్మకాలు 8.1 శాతం పడిపోయాయి. అంత డబ్బున్న సంస్థకే అలా అయిందని భాగస్వాములకు మనమే చెప్పాలి.

చిన్న సైట్లను ఎక్కువగా దెబ్బతీసేది పేజీల చిరునామాలు మారడం. ఏళ్లుగా గూగుల్‌లో పైకి వచ్చిన పాత చిరునామా నొక్కితే పేజీ లేదని వస్తే ఆ కొనుగోలుదారు తిరిగి రారు. ప్రతి పాత చిరునామానూ కొత్తదానికి మళ్లించే వరుసలు సర్వర్‌లో రాయాలి. అపాచీ సర్వర్ అయితే ఇలా:

```
Redirect 301 /avakaya.php /pickles/avakaya
```

ఈ మళ్లింపులను కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది. ఇంకో పొరపాటు, తయారీలో ఉండగా గూగుల్‌కు కనబడకుండా పెట్టిన `noindex` గుర్తును తెరిచేరోజు తీయడం మరిచిపోవడం. సైట్ చూడటానికి బాగానే ఉంటుంది, వచ్చే జనం మాత్రం వారం వారం తగ్గుతారు. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఇండెక్స్ కాని పేజీల సంఖ్య మొదటి నెలంతా చూస్తుంటే ఈ రెండూ బయటపడతాయి. జనం ఐదో వంతు తగ్గి కొనుగోళ్ల శాతం పాతదే ఉంటే, నెలకు నలభై ఆర్డర్లు, 12,000 మిగులు పోతాయి. ఈ అంకెను ప్రజెంటేషన్‌లో లాభం పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో వేయాలి.

అందుకే నాలుగు లక్షల్లో యాభై వేలు మళ్లింపులకు, పరీక్షలకు విడిగా రాయాలి. బేరమాడేటప్పుడు మొదట కోత పడేది దానికే, ఆ వరుస మాత్రం వదులుకోకూడదు. పాత సైట్‌ను తిరిగి నిలబెట్టేలా నకలు ఉంచుకోవాలి. తెరిచే తేదీ ఆవకాయ సీజన్ అయిపోయాక జులైలో పెట్టుకోవాలి, అదీ మంగళవారం పొద్దున. శుక్రవారం సాయంత్రం తెరిస్తే శనాదివారాల్లో చెడినదాన్ని బాగుచేసేవారు దొరకరు.