వార్డెన్‌కు లేఖ: కుంగిన మంచం, పలచబడ్డ పరుపు, పడని తాళం

కుంగిన మంచం, పలచబడ్డ పరుపు, పాడైన అలమర తాళం గురించి హాస్టల్ విద్యార్థి రాసే లేఖ వార్డెన్ బల్ల మీదికి ఒక్కటిగానే వస్తుంది. పని మాత్రం మూడు దారుల్లో వెళ్తుంది. ఇనుప మంచానికి వెల్డర్, చెక్క మంచానికి వడ్రంగి రావాలి. పరుపు స్టోరు నుంచి రావాలి, స్టాకు రిజిస్టరులో ఎక్కాలి. తాళానికి తాళాలు బాగుచేసే మనిషి కావాలి. “గదిలో సామాను బాగాలేదు” అని రాస్తే ఎవరిని పిలవాలో వార్డెన్‌కు తెలియదు. గది చూసి రావడానికి ముందు ఒక మనిషిని పంపాలి, పని అక్కడే ఆగుతుంది. ఆ మనిషి వచ్చి చూసే సంగతులన్నీ లేఖలోనే ఉంటే పని ఒక మెట్టు ముందుకు జరిగినట్టే.

అందుకే రాయడానికి ముందు పరుపు తీసి మంచాన్ని చూడాలి. హాస్టళ్లలో ఎక్కువగా ఉండే ఇనుప మంచాల్లో అడ్డంగా వేసిన పట్టీలు చట్రానికి అతికిన చోట వెల్డింగ్ విడిపోతుంది, లేదా పట్టీలే వంగిపోతాయి. ప్లైవుడ్ పరిచిన మంచమైతే చెక్క తేమకు ఉబ్బి పొరలు విడిపోతుంది, లేదా మధ్యలో చీలుతుంది. ఎంత కుంగిందో తెలియాలంటే తలవైపు నుంచి కాళ్లవైపుకు ఒక దారం బిగించి కట్టి, మధ్యలో దారానికీ పట్టీలకూ మధ్య ఉన్న ఖాళీని స్కేలుతో కొలిస్తే సరిపోతుంది.

పరుపు విషయంలో పొరబాటు పడే అవకాశం ఉంది. మంచం కుంగితే బాగున్న పరుపు కూడా గుంటలోకే దిగుతుంది, తప్పు పరుపుదే అనిపిస్తుంది. అదే పరుపును గట్టి మంచం మీద గానీ నేల మీద గానీ పరిచి, అరచేత్తో మధ్యలో నొక్కి చూడాలి. చేతికి అడుగున చెక్కో నేలో తగిలితే పరుపు నిజంగానే అరిగింది. తగలకపోతే మంచం బాగుచేయిస్తే చాలు. అంచు దగ్గర ఎంత మందం, మధ్యలో ఎంత మందం అన్నది రాస్తే వాదన ఉండదు. కొన్ని హాస్టళ్లలో పరుపు విద్యార్థే తెచ్చుకోవాలి, అక్కడ ఈ అంశం లేఖలో రాయకూడదు. చేరినప్పుడు సంతకం పెట్టించుకున్న సామాను జాబితా చూస్తే ఆ సంగతి తేలుతుంది.

తాళం పాడైందంటే అర్థాలు చాలా ఉన్నాయి. తాళంచెవి పోయి ఉండవచ్చు, చెవి తిరిగినా లోపలి నాలుక బయటికి రాకపోవచ్చు, గొళ్లెం మరలు ఊడిపోయి ఉండవచ్చు. మొదటిదానికి మారు తాళంచెవి, రెండోదానికి కొత్త తాళం, మూడోదానికి నాలుగు మరలు చాలు. ఏది జరిగిందో ఒక్క వాక్యంలో చెప్పాలి. అప్పటికే వస్తువేదైనా పోయి ఉంటే అది వేరే ఫిర్యాదు. దాన్ని ఇందులో కలిపితే మరమ్మతు పని విచారణ దాకా ఆగిపోతుంది.

డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని ఒకరు ఇవన్నీ చూసుకుని రాసే లేఖ ఇలా ఉంటుంది.

“విషయం: బి బ్లాకు, 214వ గది, 2వ మంచం, పరుపు, అలమర తాళం మరమ్మతు గురించి.

గౌరవనీయులైన వార్డెన్ మేడం గారికి నమస్కరించి రాయునది.

1. మంచం అడ్డపట్టీల్లో రెండింటికి కుడివైపు వెల్డింగ్ విడిపోయింది. మధ్యలో 3 అంగుళాలు కుంగింది.
2. హాస్టల్ ఇచ్చిన పరుపు అంచున 3 అంగుళాలు, మధ్యలో 1 అంగుళం ఉంది. నేల మీద పరిచినా చేతికి నేల తగులుతోంది.
3. అలమర తాళంచెవి తిరుగుతోంది గానీ నాలుక బయటికి రావడం లేదు. సర్టిఫికెట్లు అందులోనే ఉన్నాయి.

మంచం, పరుపు నేను చేరిన రోజు నుంచీ ఇలాగే ఉన్నాయి. సామాను జాబితాలో ఆ సంగతి రాయించాను. తాళం ఈ నెల 4న పాడైంది. తాళం ముందుగా మార్పించి, మంచం బాగయ్యాక పరుపు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. సాయంత్రం 5 తర్వాత గదిలో ఉంటాను.

ఇట్లు, తమ విధేయురాలు”

దీని కింద పేరు, తరగతి, రోల్ నంబరు, తేదీ ఉంటాయి. చేరిన రోజు మాట ఎందుకంటే, సామాను పాడుచేశారని తేలితే ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లోంచి కోత పడే హాస్టళ్లు ఉన్నాయి. తాళం ముందు ఎందుకంటే, వస్తువులకు రక్షణ లేని ప్రతి రోజూ నష్టానికి అవకాశమే. మంచం బాగుకాకుండా వచ్చిన కొత్త పరుపు కూడా అదే గుంటలో పడి త్వరగా అరుగుతుంది.

లేఖ రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద అందినట్టు తేదీతో సంతకం తీసుకోవాలి. ఫిర్యాదుల రిజిస్టరు ఉంటే అందులోనూ ఎక్కించాలి. పరుపు కొనాలంటే పై అనుమతి కావాలి కాబట్టి అది ఆలస్యం కావచ్చు. తాళం, వెల్డింగ్ దాని కోసం ఆగనక్కర్లేదు. లేఖలో మూడింటికీ వేరే అంకెలు వేసేది ఇందుకే. పని పూర్తయ్యాక మంచం మధ్యలో కూర్చుని, తాళం నాలుగైదుసార్లు తిప్పి చూశాకే రిజిస్టరులో సంతకం పెట్టాలి. ఆ సంతకం పడ్డాక ఫిర్యాదు ముగిసినట్టు లెక్క.