ఒక ఫ్రెంచి వాక్యం, మూడు ఇంగ్లీషు వాక్యాలు

ఫ్రెంచి పరిశోధనా పత్రాల సారాంశాల్లో కొన్నిసార్లు ఒక్కో వాక్యం ఐదారు పంక్తులు సాగుతుంది. క్రియలు చెప్పాల్సిన పనిని అక్కడ నామవాచకాలు మోస్తాయి. ఉదాహరణకు ఇలాంటి వాక్యం అనుకుందాం: '20 బావుల నీటి విశ్లేషణ, వర్షాల తగ్గుదల తర్వాత లవణీయత పెరుగుదల నిరూపణకు వీలు కల్పించి, సాగునీటి పద్ధతుల పునఃపరిశీలనకు దారితీసింది.'

అనువాదకులు ముందు ప్రతి నామం వెనక దాగిన పనినీ, ఆ పని చేసినవారినీ వెతకాలి. విశ్లేషించింది పరిశోధకులు. మరి పునఃపరిశీలించింది ఎవరు? వాక్యం చెప్పదు కాబట్టి పూర్తి పత్రం చూడాలి. అధికారులని అందులో ఉంటే ఇంగ్లీషు వాక్యాలు ఈ అర్థంలో వస్తాయి: 'మేం 20 బావుల నీటిని విశ్లేషించాం. వర్షాలు తగ్గాక లవణీయత పెరిగిందని తేలింది. ఈ ఫలితం చూసి అధికారులు సాగునీటి పద్ధతులను పునఃపరిశీలించారు.'

విడగొట్టినప్పుడు తెగేది కార్యకారణ బంధమే. 'ఈ ఫలితం చూసి' అన్న మాట లేకపోతే మూడో వాక్యం గాల్లో తేలుతుంది. అలాగని లేని బంధాన్ని కలపకూడదు. 'వర్షాలు తగ్గాక' అన్నదాన్ని 'తగ్గడం వల్ల' అని రాస్తే, పరిశోధకులు చెప్పని కారణాన్ని వాళ్లకు అంటగట్టినట్టే.

ప్రతి నామాన్నీ విప్పనక్కర్లేదు. 'లవణీయత' శాస్త్ర పదం, అలాగే ఉంచాలి.