పద్నాలుగో రోజు అందరికీ ఒకటి కాదు



మా వీధి చివర ఇంట్లో ఒక కోడలుపిల్ల ఉంది. పెళ్ళై ఏడాది దాటింది. భర్తకు వేరే ఊళ్ళో ఉద్యోగం, అక్కడ ఇల్లు ఇంకా కుదరలేదు. మొన్న ఫిబ్రవరి వరకు అతను సెలవు దొరికినప్పుడల్లా వచ్చిపోతూండేవాడు. మార్చి నుంచి రెండో శనివారం, నాలుగో శనివారం వచ్చి, ఆదివారం రాత్రి బండికి వెళ్ళిపోతున్నాడు. ఈ పిల్ల పేరంటానికి వెళితే చాలు, తాంబూలం చేతికిచ్చేలోపలే "ఏమ్మా, విశేషమేమైనా ఉందా?" అని అడుగుతారు. ఏప్రిల్ నెలాఖరున ఒక మధ్యాహ్నం, గోడ క్యాలెండరు చుట్టగా చుట్టి కొంగు చాటున పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"పిన్నిగారూ, ఎనిమిది నెలలుగా ఎదురుచూస్తున్నాం. పద్నాలుగో రోజు ముఖ్యమని పుస్తకంలో చదివాను. దానికి తగ్గట్టే ఉంటున్నాం. నాలోనే ఏదో లోపం ఉందంటున్నారు మా అత్తగారు. నిజమేనంటారా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ క్యాలెండరు పరుచుకుని ఇద్దరం కూర్చున్నాం. ఆ రోజు ఆమెకు చెప్పిందీ, తర్వాత మా లేడీ డాక్టరుగారిని అడిగి సరిచూసుకున్నదీ ఇవాళ మీకూ చెబుతాను.

ముందుగా ఒక సంగతి. నెలకు ముప్ఫై రోజులున్నా గర్భం నిలిచే అవకాశం ఉండేది దాదాపు ఆరు రోజులే. అందుకు కారణం అండానికీ, వీర్యకణానికీ ఉన్న ఆయుర్దాయంలోని తేడా. అండాశయంలో నుంచి నెలకొక అండం విడుదలై, గర్భనాళంలోకి చేరుతుంది. అది బతికేది పన్నెండు గంటల నుంచి ఒక రోజు వరకు మాత్రమే. పురుషుడి వీర్యకణాలు అలా కాదు. వాతావరణం అనుకూలంగా ఉంటే స్త్రీ శరీరంలో మూడు రోజులు, ఒక్కోసారి అయిదు రోజుల దాకా బతికి ఉంటాయి. అంటే చుట్టం వచ్చేవేళకు వాకిట్లో కాచుకుని ఉండవలసింది వీర్యకణాలే. చుట్టం వచ్చి వెళ్ళిపోయాక తలుపు తీస్తే లాభం లేదు గదా! అంచేత అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు అయిదు రోజులు, వెరసి ఆరు రోజులు లెక్కకు వస్తాయి.

ఇది ఎవరో ఊహించి చెప్పిన మాట కాదు. అమెరికాలో అలెన్ విల్‌కాక్స్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు కలిసి 1995లో ఒక పరిశోధన ప్రచురించారు. బిడ్డ కావాలనుకుంటున్న 221 మంది స్త్రీలు రోజూ మూత్రం పట్టి ఇచ్చారు, భర్తతో కలిసిన రోజులు రాసిపెట్టారు. ఆ మూత్రంలోని హార్మోన్లను బట్టి అండం ఏ రోజు విడుదలయిందో లెక్కగట్టారు. గర్భం నిలిచినవన్నీ ఆ ఆరు రోజుల్లోని కలయికల వల్లనే. అయిదు రోజుల ముందు కలిస్తే పదింట ఒక వంతు అవకాశం ఉన్నది, అండం విడుదల దగ్గరపడేసరికి మూడింట ఒక వంతు దాకా పెరిగింది. ఆ రోజు దాటిన తర్వాతి కలయిక వల్ల ఒక్కటీ నిలవలేదు.

మరి ఆ రోజు ఏదని తెలుసుకోవడం ఎలా? అందరం పొరపాటు పడేది ఇక్కడే. బయట చేరిన రోజును ఒకటిగా లెక్కబెట్టి పద్నాలుగో రోజున అండం విడుదలవుతుందని మనమంతా వల్లె వేస్తాం. సరిగ్గా ఇరవై ఎనిమిది రోజులకు ముట్టు వచ్చేవారికి అది ఇంచుమించు నిజమే. తక్కినవారికి కాదు. 1920లలో జపానులో ఒగినో, ఆస్ట్రియాలో క్నాస్ అనే ఇద్దరు వైద్యులు ఎవరికి వారుగా కనిపెట్టింది ఏమిటంటే, అండం విడుదలను జరిగిపోయిన ముట్టు నుంచి కాకుండా, రాబోయే ముట్టు నుంచి వెనక్కు లెక్కబెట్టాలని. అండం విడుదలయ్యాక మళ్ళీ ముట్టు రావడానికి చాలామందిలో సుమారు పద్నాలుగు రోజులు పడుతుంది. పన్నెండు కావచ్చు, పదిహేను కావచ్చు, అంతకు మించి పెద్ద తేడా సాధారణంగా ఉండదు. నెల పొడుగైనా పొట్టిదైనా ఆ హెచ్చుతగ్గులు ఎక్కువగా ముందు భాగంలోనే ఉంటాయి.

ఇక ఆ అమ్మాయి క్యాలెండరు చూద్దాం. ముట్టు వచ్చిన తేదీల మీద పెన్సిలుతో చిన్న చుక్కలు పెట్టుకుంది. జనవరి 30, మార్చి 3, ఏప్రిల్ 4. ముప్ఫై రెండు రోజులకొకసారి, గడియారం కొట్టినట్టు. మార్చి సంగతే తీసుకోండి. తర్వాతి ముట్టు ఏప్రిల్ 4న వచ్చింది గదా, అక్కడి నుంచి పద్నాలుగు రోజులు వెనక్కు వెళితే మార్చి 21. మూడో తేదీని ఒకటిగా లెక్కబెట్టుకుంటే అది పంతొమ్మిదో రోజు. అంటే ఆమెకు పనికివచ్చే రోజులు మార్చి 16 నుంచి 21 వరకు.

భర్త ఎప్పుడు వచ్చాడు? రెండో శనివారం, 14వ తేదీన. ఆదివారం, 15వ తేదీ రాత్రి వెళ్ళిపోయాడు. పన్నెండు, పదమూడు రోజులు. పద్నాలుగో రోజుకు దగ్గరగానే ఉన్నామని వాళ్ళిద్దరూ సంతోషించారు పాపం. కాని ఆమె శరీరం లెక్క ప్రకారం అసలు రోజులు అతను రైలెక్కిన మర్నాడు మొదలయ్యాయి! మళ్ళీ నాలుగో శనివారం 28న వచ్చేసరికి అండం ఆయుష్షు తీరి వారమయింది. ఏప్రిల్‌లోనూ అదే వరస. పనికివచ్చే రోజులు 17 నుంచి 22 వరకు, అతను వచ్చింది 11, 12 తేదీల్లోనూ 25, 26 తేదీల్లోనూ.

"అంటే ఈ రెండు నెలలూ మేం ప్రయత్నించినట్టే కాదా, పిన్నిగారూ?" అంది ఆ పిల్ల తెల్లబోయి. కాదనే చెప్పాలి. అంతకు ముందు ఆరు నెలల్లో అతను ఏయే తేదీల్లో వచ్చిందీ రాసుకోలేదు గనుక ఆ సంగతి ఎవరూ చెప్పలేరు. ఎనిమిది నెలలు గడిచాయి గాని, ఎనిమిది అవకాశాలు మాత్రం గడవలేదు. ఈ తేడా తెలియకనే ఆ పిల్ల మీద లోపం మోపారు.

ఇక ముందు ఏం చెయ్యాలి? మళ్ళీ ముట్టు మే 6 ప్రాంతాన రావాలి, దాని తర్వాతది జూన్ 7న. అక్కడి నుంచి వెనక్కు లెక్కేస్తే అండం మే 24న విడుదల కావాలి, పనికివచ్చే రోజులు 19 నుంచి 24 వరకు. నాలుగో శనివారం 23న పడింది. పడింది గదా అని ఊరుకోకూడదు. లెక్కలో ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయితే 23 ఆలస్యమైపోవచ్చు. అన్నిటికంటె మంచివి అండం విడుదలకు ముందు రెండు రోజులు. అందుకని 21, 22 తేదీలకు సెలవు పెట్టి గురువారమే రమ్మని భర్తకు చెప్పమన్నాను. ఒకే ఊళ్ళో కాపురం ఉండేవాళ్ళకు ఇంత లెక్క అక్కరలేదు. ఆ వారం పది రోజులూ రోజు విడిచి రోజు కలిసి ఉంటే చాలు. 'బలం కూడబెట్టాలి' అని రోజుల తరబడి ఆగడం వల్ల లాభం లేకపోగా అసలు రోజు చేజారవచ్చు.

క్యాలెండరు లెక్క అంచనా మాత్రమే. శరీరం కూడా ఒక గుర్తు చూపిస్తుంది. ముట్టు తగ్గాక కొన్నాళ్ళు పొడిగా ఉంటుంది, లేదా కొద్దిగా జిగట కనిపిస్తుంది. అండం విడుదల దగ్గరపడేకొద్దీ అది పచ్చి కోడిగుడ్డు తెల్లసొనలాగా పలచగా, జారుడుగా మారి, రెండు వేళ్ళ మధ్య పట్టి లాగితే తెగకుండా సాగుతుంది. వీర్యకణాలు బతికి, ఈదుకుంటూ పైకి పోగలిగేది ఆ ద్రవంలోనే. అది కనిపించడం మొదలైతే మీ రోజులు వచ్చాయన్నమాట. చాలామంది దాన్ని జబ్బనుకుని భయపడతారు, కాదు. దురద, దుర్వాసన, పెరుగు విరిగినట్టుండే తెల్లబట్ట ఉంటే మాత్రం అది వేరే, డాక్టరుకు చూపించుకోవాలి.

మందుల షాపులో దొరికే పరీక్ష పట్టీలు కూడా ఉన్నాయి. మూత్రంలో ముంచితే రెండో గీత ముదురుగా వచ్చిన తర్వాత ఒకటి, ఒకటిన్నర రోజుల్లో అండం విడుదల కావచ్చని అర్థం. తెల్లవారుజామున లేవకముందే థర్మామీటరు పెట్టి చూసుకునే పద్ధతి ఒకటుంది. అండం విడుదలయ్యాక ఒంటి వేడి సుమారు అర డిగ్రీ ఫారన్‌హీటు పెరుగుతుంది. అయితే అది అయిపోయిన సంగతి చెబుతుంది గాని రాబోయేది చెప్పదు. రెండు మూడు నెలలు రాసుకుంటే మీ నెల తీరు తెలుస్తుంది, అంతే.

ఇదంతా ముట్టు క్రమంగా వచ్చేవారి మాట. ఒక నెల ఇరవై అయిదు, మరో నెల నలభై రోజులయ్యేవారికి వెనక్కు లెక్కబెట్టడం కుదరదు. వాళ్ళు ముందుగానే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. ఇంకోమాట, ఈ లెక్కను తిరగేసి గర్భం రాకుండా చూసుకుందామని మాత్రం అనుకోకండి. ఒక్క నెల అండం ముందుగా విడుదలైతే లెక్క తారుమారవుతుంది.

రోజులు సరిగ్గా కుదిరినా, అన్నీ సవ్యంగా ఉన్న దంపతులకు సైతం ఒక నెలలో గర్భం నిలిచే అవకాశం నాలుగింటనో అయిదింటనో ఒక వంతే. కాబట్టి రెండు మూడు నెలలకే బెంగపడకూడదు. ముప్ఫై అయిదేళ్ళ లోపువారు ఏడాది చూసి, ఆ పైబడినవారు ఆరు నెలలు చూసి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు ఇద్దరూ కలిసి వెళ్ళాలి. వీర్యపరీక్ష ఒక్కపూటలో అయిపోయే పని. అది చేయించకుండా ఆడపిల్లను ఆస్పత్రుల చుట్టూ తిప్పడం న్యాయం కాదు.

ఆ అమ్మాయి క్యాలెండరు మళ్ళీ గోడకు తగిలించుకుంది. ఈసారి పెన్సిలు చుక్కలతోబాటు భర్త వచ్చే తేదీల చుట్టూ సున్నాలు కూడా చుట్టింది. వాళ్ళ అత్తగారికి కూడా లెక్క చూపించిందట. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని వేళ్ళమీద రెండుసార్లు లెక్కబెట్టి, "అయితే వాణ్ణి గురువారమే రమ్మను" అన్నారట.

మనం మాత్రం పేరంటంలో ఆ ప్రశ్న అడగడం మానేద్దాం. విశేషం ఉన్ననాడు వాళ్ళే చెబుతారు.

సెలవు.