మీకు తెలుసా? అడిగిన రీఫండ్ 90,000, ఖాతాలో పడింది 48,800

ఇన్‌కంటాక్స్ రిటర్నులో మనం రాసే రీఫండ్ అంకె మన అడుగు మాత్రమే. ఇచ్చే అంకెను బెంగళూరులోని సెంట్రలైజ్డ్ ప్రాసెసింగ్ సెంటర్ తన దగ్గరున్న లెక్కలతో తేలుస్తుంది. ఆ లెక్కల్లో ఎక్కువ భాగం మనం రాసినవి కావు, మనకు డబ్బిచ్చినవాళ్లు మన పాన్ నంబరు మీద రాసినవి. ఫిల్మ్‌నగర్, కృష్ణానగర్‌ల మనుషులకు ఈ తేడా ఎక్కడ తగులుతుందో ఒక ఉదాహరణ వేసి చూద్దాం.

ఒక డైలాగ్ రైటర్ 2024-25లో మూడు సినిమాలకు పనిచేశారనుకోండి. ఒక్కో సంస్థ 3 లక్షలకు ఒప్పుకుంది. చట్టం లెక్కలో డైలాగ్ రైటర్, కెమెరామన్, ఎడిటర్, అసిస్టెంట్ డైరెక్టర్, గాయకుడు వీళ్లంతా వృత్తి నిపుణులు. అందుకే సెక్షన్ 194జె కింద పదిశాతం టీడీఎస్ పట్టుకుని ఒక్కొక్కరు 2,70,000 చేతికిచ్చారు. మూడు చోట్లా కలిపి కోత 90,000. ఆయన ఆడిటర్ సెక్షన్ 44ఏడీఏ కింద రాబడిలో సగాన్ని, అంటే 4,50,000ను ఆదాయంగా చూపి, గడువులోపే రిటర్ను వేశారు. ఆ ఏడాదికి కొత్త పన్ను విధానంలో 7 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి పన్ను సున్నా. కోసిన 90,000 మొత్తం వెనక్కి రావాలి. సెప్టెంబరులో వచ్చింది మాత్రం 48,800.

మొదటి చిల్లు మూడో సంస్థ దగ్గర పడింది. మన దగ్గర చాలామంది నిర్మాతలు ఒక్కో సినిమాకు ఒక్కో సంస్థ పెడతారు. జూబ్లీహిల్స్‌లో ఇల్లు అద్దెకు తీసుకుని ఆఫీసు తెరుస్తారు, సినిమా విడుదలయ్యాక ఇల్లు ఖాళీ చేస్తారు. పేమెంటులో కోసిన టీడీఎస్‌ను మరుసటి నెల 7లోపు ప్రభుత్వానికి కట్టాలి, మార్చిలో కోసినదైతే ఏప్రిల్ 30లోపు. కడితే సరిపోదు. మూడు నెలలకోసారి 26క్యూ అనే రిటర్నులో ఫలానా పాన్ మీద ఇంత కోశామని విడివిడిగా రాయాలి. అలా రాసినదే మన 26ఏఎస్‌లో కనిపిస్తుంది. మూడో సంస్థ 26క్యూ వేయలేదు. ఫలితంగా 26ఏఎస్‌లో 60,000 మాత్రమే ఉంది, రీఫండ్ కూడా అక్కడికే ఆగింది. కట్టి కూడా పాన్‌లో ఒక్క అక్షరం తప్పు రాసినా ఇదే జరుగుతుంది.

ఇక్కడ చాలామంది మోసపోయేది లెటర్‌హెడ్ మీద స్టాంపు కొట్టి ఇచ్చే టీడీఎస్ కాగితంతో. దాన్ని చూసి నిశ్చింతగా ఉండకండి. అసలైన ఫారం 16ఏ ట్రేసెస్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు నుంచే దిగుతుంది, దాని మీద సర్టిఫికెట్ నంబరు ఉంటుంది. 26క్యూ వేయనివాళ్లు దాన్ని దింపలేరు. జనవరి-మార్చి లెక్క వేయడానికి మే 31 దాకా గడువుంది, 16ఏ ఇవ్వడానికి జూన్ 15. కాబట్టి జూన్ మూడో వారంలో 26ఏఎస్ తెరిచి, ఏడాదంతా ఎవరెవరు ఎంత కోశారో పక్కన పెట్టుకుని సరిచూసుకుంటే చిల్లు అప్పుడే తెలుస్తుంది. ప్రొడక్షన్ మేనేజర్ ఫోన్ ఇంకా పలికే రోజులవి.

మరో చిక్కు కూడా ఉంది. అడ్వాన్సు మీద మార్చిలోనే కోత పడింది, ఆదాయాన్ని మాత్రం వచ్చే ఏడాది చూపిద్దామనుకున్నారు. అప్పుడు 26ఏఎస్‌లోని రాబడి కంటే రిటర్నులోని రాబడి తక్కువై, అదే నిష్పత్తిలో టీడీఎస్ కూడా తగ్గించి ఇస్తారు. ఆదాయం ఏ ఏడాది చూపితే కోత జమ ఆ ఏడాదికే.

మన రైటర్ లెక్కకు వద్దాం. 60,000 మీద ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఆరు నెలలకు, నెలకు అర శాతం చొప్పున 1,800 వడ్డీ కలిసింది. మొత్తం 61,800. ఈ వడ్డీ వచ్చిన ఏడాది ఆదాయంలో చూపాల్సిందే. 61,800 రావాల్సిన చోట 48,800 ఎందుకు వచ్చింది? మిగతా 13,000ను సెక్షన్ 245 కింద పాత బాకీకి సర్దేశారు. 2022-23 అసెస్‌మెంట్ సంవత్సరానికి ఆయన పేరున 10,000 డిమాండ్ ఉంది. నెలకు ఒక శాతం చొప్పున 30 నెలలకు 3,000 వడ్డీ పెరిగింది. సర్దుబాటుకు ముందు నోటీసు వచ్చింది కానీ, అది వాడటం మానేసిన మెయిల్‌కు వెళ్లింది. ఇంతకీ ఆ పాత డిమాండ్ ఎలా పుట్టింది? అప్పుడు కూడా ఒక సంస్థ కోసిన టీడీఎస్ 26ఏఎస్‌లో పడకపోవడం వల్లే. ఒకే రోగం రెండు చోట్ల కొట్టింది.

ఏ చిల్లు ఎంతదో తెలుసుకోవడానికి 143(1) ఇంటిమేషన్ చూడాలి. మెయిల్‌కు వచ్చే ఆ పీడీఎఫ్ పాస్‌వర్డ్ చిన్న అక్షరాల్లో పాన్, వెంటనే పుట్టినతేదీ, నెల, సంవత్సరం. లోపల రెండు నిలువు వరసలుంటాయి: మనం చెప్పిన అంకె, వాళ్లు లెక్కగట్టిన అంకె. పై నుంచి కిందికి చదువుతూ రెండు అంకెలూ విడిపోయిన మొదటి గడి దగ్గర ఆగండి. టీడీఎస్ గడిలో విడిపోతే చిక్కు నిర్మాత దగ్గరుంది. లెక్క అంతా కలిసి, చివర సర్దుబాటులో తగ్గితే పాత డిమాండ్.

మొదటిదానికి మందు, ఆ సంస్థ చేత 26క్యూ వేయించడం, లేదా పాన్ తప్పైతే దిద్దించడం. 26ఏఎస్‌లో పడ్డాక పోర్టల్‌లో Rectification కింద రిటర్నును మళ్లీ ప్రాసెస్ చేయమని అడగొచ్చు. ఇంటిమేషన్ వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక నాలుగేళ్ల దాకా ఆ దారి తెరిచే ఉంటుంది. 26ఏఎస్‌లో లేదు కదా అని ఆ 30,000ను రిటర్నులో రాయకుండా వదిలేయమనేవాళ్లున్నారు. నా మాట వేరు. ఆదాయం చూపారు, కోత నిజం, ఆ సంస్థ టాన్ నంబరు తెలుసు అంటే రాయాలి. అడగనిదాన్ని తర్వాత దిద్దమనడం కష్టం.

రెండోదానికి చట్టం మన పక్షాన ఉంది. సెక్షన్ 205 ప్రకారం, పేమెంటులోంచి పన్ను కోసేశాక ఆ మేరకు మళ్లీ మనల్ని కట్టమనకూడదు. కోసినవాళ్లు ప్రభుత్వానికి కట్టకపోతే వాళ్లనే అడగాలి. ఇలాంటి డిమాండ్లను బలవంతంగా వసూలు చేయొద్దని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2015లోనూ, 2016లోనూ తన అధికారులకు చెప్పింది. కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ తన ఉద్యోగుల జీతాల్లో కోసిన పన్ను కట్టకుండా మూతపడినప్పుడు ఆ ఉద్యోగులకూ ఇదే గతి పట్టింది. ఒక ఉద్యోగి కేసులో 2023లో ఢిల్లీ హైకోర్టు, అలాంటి డిమాండ్‌కు తర్వాతి ఏళ్ల రీఫండ్‌ను సర్దుకోవడం కూడా దొడ్డిదారి వసూలేనని, అది చెల్లదని తేల్చింది. అయితే పేమెంటులో కోత పడిందని చూపే బాధ్యత మనదే. ఒప్పందం 3,00,000, బ్యాంకులో పడింది 2,70,000, మధ్యలో కోత చూపే వోచరు, ఈ మూడూ ఉండాలి. వోచరు లేకుండా నగదు తీసుకున్నవాళ్లకు ఈ రక్షణ దాదాపు లేనట్టే.

సర్దుబాటు నోటీసు రాగానే పోర్టల్‌లో Pending Actions, అందులో Response to Outstanding Demand తెరిచి, నోటీసులోని గడువులోపు ఆ డిమాండ్‌తో ఏకీభవించడం లేదని ఈ కాగితాలు జతచేసి చెప్పాలి. మన రైటర్‌కు గడువు దాటింది. అయినా పాత డిమాండ్ తప్పని ఇప్పుడు దిద్దించుకుంటే, సర్దేసిన 13,000 తిరిగి రీఫండ్‌గా మారుతుంది. ఆ పని మొదలుపెట్టే ముందు పోర్టల్ ప్రొఫైల్‌లో పాత మెయిల్ తీసేసి ఇప్పటిది పెట్టుకోవాలి.